పదిహేను ముప్పావు కేవీ, సరే... ఎన్ని ఆర్‌పీఎం దగ్గర?

థర్మల్ స్టేషన్ కంట్రోల్ రూములో జనరేటర్ వోల్టేజీ మీటరు 15.75 కేవీ దగ్గర కదలకుండా నిలబడి ఉంటే, డెస్కులో కూర్చున్న ఇంజినీరు దాన్ని ఇంకోసారి చూడడు. 210 మెగావాట్ల జనరేటర్‌కి ఉండాల్సిన వోల్టేజీ అంతే. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు థర్మల్ స్టేషన్‌లో ఉన్న 210 మెగావాట్ల యూనిట్లలాంటివి దేశంలో చాలా ఉన్నాయి. ఆ తరగతి జనరేటర్లు పనిచేసేది ఈ వోల్టేజీ మీదనే. టర్బైన్ 3000 ఆర్‌పీఎం మీద తిరుగుతున్నంతసేపు ఆ అంకె నిశ్చింతే. టర్బైన్ నెమ్మదిస్తూ 2400కి దిగొచ్చినా మీటరు ఇంకా అదే 15.75 చూపిస్తుంటే మాత్రం, బయట యార్డు అంచున నూనెలో మునిగి ఉన్న రెండు వందల యాభై ఎంవీఏ జనరేటర్ ట్రాన్స్‌ఫార్మర్‌కి ప్రాణం మీదికి వచ్చినట్టే. ప్లాంటులో అందరూ దాన్ని జీటీ అంటారు, మనమూ అలాగే అందాం.

వోల్టేజీ పెరగలేదు. లోడు అసలే లేదు. మరి దెబ్బ ఎక్కడ తగులుతోంది?

ట్రాన్స్‌ఫార్మర్ లోపలి సంగతి చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. 50 హెర్ట్జ్ దగ్గర వోల్టేజీ ఒక అర చక్రం తిరగడానికి 10 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ పది మిల్లీసెకన్లలో ఇనుప కోర్‌లోని అయస్కాంత ఫ్లక్స్ ఒక కొస నుంచి రెండో కొసకు వెళ్ళాలి. ఎంత జోరుగా వెళ్ళాలో వోల్టేజీ చెబుతుంది, ఎంతసేపు వెళ్ళాలో ఫ్రీక్వెన్సీ చెబుతుంది. టర్బైన్ 2400 ఆర్‌పీఎంకి పడిపోతే ఫ్రీక్వెన్సీ 40 హెర్ట్జ్ అవుతుంది, అర చక్రం 12.5 మిల్లీసెకన్లకు సాగుతుంది. వోల్టేజీ మారలేదు కాబట్టి జోరు మారలేదు. సమయం మాత్రం నాలుగో వంతు పెరిగింది. కాబట్టి ఫ్లక్స్ కూడా నాలుగో వంతు ఎక్కువ దూరం పోతుంది. అందుకే ట్రాన్స్‌ఫార్మర్ భారం కొలవాలంటే వోల్టులను హెర్ట్జ్‌తో భాగించాలి. మన యూనిట్‌కి ఆ లెక్క చక్కగా కుదురుతుంది: 15,750ని 50తో భాగిస్తే 315. హెర్ట్జ్‌కి 315 వోల్టులు. జీటీకి అది నూరు శాతం.

ఆ నూరు శాతం దగ్గరే కోర్ చాలావరకు నిండి ఉంటుంది. కోర్‌కి వాడేది సీఆర్‌జీఓ అనే సిలికాన్ ఉక్కు. మిల్లీమీటరులో మూడో వంతు కూడా మందం లేని రేకులు పేర్చి, ఒక్కో రేకుకీ పైన పలుచటి ఇన్సులేషన్ పూత వేసి కడతారు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లలో ఆ ఉక్కును సుమారు 1.7 టెస్లా దగ్గర పనిచేయిస్తారు. రెండు టెస్లాలకు అటూఇటూగా అది పూర్తిగా సంతృప్తమైపోతుంది, అంటే ఇక ఎక్కువ ఫ్లక్స్ మోయలేదు. మధ్యలో మిగిలిన చోటు చాలా తక్కువ. ఇంకాస్త లావు కోర్ పెట్టొచ్చు కదా అనిపిస్తుంది. పెడితే ఉక్కు పెరుగుతుంది, రాగి పెరుగుతుంది, నూనె పెరుగుతుంది, ట్యాంకు రైలు వ్యాగన్ మీద పట్టకుండా పోతుంది. ఏ కొద్ది నిమిషాలకో వచ్చే పరిస్థితి కోసం నలభై ఏళ్ళ పాటు అంత బరువు ఎవరూ కొనుక్కోరు.

సంతృప్తమైన తర్వాత కూడా ఫ్లక్స్ వెళ్ళి తీరాల్సిందే, ఎందుకంటే వోల్టేజీ దాన్ని తోస్తూనే ఉంటుంది. నిండిన కాలువలో నీళ్ళు గట్టు దాటి పొలాల మీద పడ్డట్టు, కోర్‌లో పట్టని ఫ్లక్స్ పక్కనున్న ఇనుములోకి పోతుంది. కోర్‌ని బిగించే క్లాంపులు, బోల్టులు, ట్యాంకు గోడలు, బుషింగుల కింది ఫ్లాంజులు దానికి దారి ఇస్తాయి. అవన్నీ రేకులుగా కోసినవి కావు, దిట్టమైన ఉక్కు ముక్కలు. వాటిలోకి మారే ఫ్లక్స్ దిగితే లోపల ఎడ్డీ కరెంట్లు సుడులు తిరిగి క్షణాల్లో వేడెక్కిస్తాయి. ఆ వేడి తగిలిన చోట నూనె విరిగిపోయి వాయువులు పుడతాయి, దగ్గర్లోని ఇన్సులేషన్ మాడుతుంది, రేకుల మీది పూత కాలుతుంది. పూత పోయిన చోట రేకులు ఒకదానికొకటి అంటుకుంటే, ఆ తర్వాత మామూలు వోల్టేజీలో కూడా ఆ చోటు వేడెక్కుతూనే ఉంటుంది. అసలు నష్టం అక్కడే.

నూనె ఉష్ణోగ్రత, వైండింగ్ ఉష్ణోగ్రత చూపే మీటర్లను నమ్ముకుంటే ఈ వ్యవహారం బయటపడదు. టన్నుల కొద్దీ నూనె వేడెక్కడానికి గంటలు పడుతుంది, బోల్టు దగ్గర అంగుళం ఉక్కు వేడెక్కడానికి సెకన్లు చాలు. వైండింగ్ మీటరైతే లోడు కరెంటును బట్టి వేడిని అంచనా కడుతుంది. ఇక్కడ లోడే లేదు.

ఇప్పుడు ఒక యూనిట్‌ని ఊహించుకుని, అడుగడుగునా లెక్క వేసుకుంటూ వెళదాం. బాయిలర్‌లో ట్యూబు పగిలి యూనిట్ ట్రిప్ అయింది. స్టీమ్ వాల్వులు మూసుకున్నాయి. జనరేటర్ ఉత్పత్తి ఆగిందని చూసి రిలే 220 కేవీ బ్రేకర్‌ని తెరిచింది. అదే ఆదేశం ఫీల్డ్ బ్రేకర్‌కి కూడా వెళ్ళింది. జనరేటర్ రోటరుకి డీసీ కరెంటు అందించేది అదే. అది ఏదో మెకానిజం పట్టేసి తెరుచుకోలేదు. పాత యూనిట్లలో జనరేటర్‌కీ జీటీకీ మధ్య వేరే బ్రేకర్ ఉండదు, లావాటి బస్ డక్ట్‌తో నేరుగా కలిపేస్తారు. కాబట్టి గ్రిడ్ నుంచి విడిపోయినా జీటీ మాత్రం జనరేటర్ చేతిలోనే ఉంది. యూనిట్‌కి సొంత కరెంటు ఇచ్చే యూఏటీ కూడా అక్కడే తగిలించి ఉంటుంది, దానికీ ఇదే గతి.

గ్రిడ్‌కి కలిసి ఉన్నంతకాలం ఈ బెడద పెద్దగా ఉండదు. వందల యంత్రాలు కలిసి ఫ్రీక్వెన్సీని మోస్తాయి. 2003 జనవరిలో దక్షిణాదికి ఏబీటీ టారిఫ్ రాకముందు ఇక్కడి గ్రిడ్ తరచుగా 48.5 హెర్ట్జ్‌కో, అంతకన్నా కిందికో దిగేది. జనం దాన్ని ఘోరంగానే చెప్పుకునేవారు. కానీ ఆ లెక్కన కూడా, వోల్టేజీ మామూలుగా ఉంటే, హెర్ట్జ్‌కి వోల్టులు పెరిగేది మూడు శాతమే. ఒంటరిగా మిగిలి, స్టీమ్ లేకుండా నెమ్మదిస్తున్న యంత్రం సంగతి అలా కాదు, అది ఎంత కిందికైనా దిగుతుంది.

ఈ ఒంటరి యంత్రం దగ్గర ఏవీఆర్ అనే పరికరం ఆటోలో ఉంది. ఆటోమేటిక్ వోల్టేజ్ రెగ్యులేటర్ అది. జనరేటర్ వోల్టేజీని 15.75 దగ్గర నిలబెట్టడమే దాని ధర్మం. వేగం తగ్గేకొద్దీ వోల్టేజీ తగ్గబోతుంది, ఏవీఆర్ ఫీల్డ్ కరెంటు పెంచి మళ్ళీ పైకి లేపుతుంది. 2850 ఆర్‌పీఎం దగ్గర హెర్ట్జ్‌కి వోల్టులు 105 శాతం దాటాయి. 2727 దగ్గర 110. 2400కి వచ్చేసరికి హెర్ట్జ్‌కి 394 వోల్టులు, అంటే 125 శాతం. 2143కి దిగితే 140. కోర్‌లో 1.7 టెస్లా ఉండాల్సిన చోట, 125 శాతం దగ్గర ఉక్కు 2.1 అడుగుతోంది, అది ఇవ్వలేదు. మొదటి మూడు వందల ఆర్‌పీఎం పడిపోవడానికి పట్టేది నిమిషమో రెండు నిమిషాలో. ఇంత జరుగుతున్నా వోల్ట్‌మీటరు ముల్లు కదలదు.

నాకు ఈ కథలో అన్నిటికన్నా తిరకాసుగా కనిపించేది ఫీల్డ్ కరెంటు మీటరు. ఏవీఆర్ ఇంత తోస్తుంటే రోటరు కరెంటు హద్దు దాటి ఏదో ఒక అలారం మోగాలి కదా అనుకుంటాం. మోగకపోవచ్చు. లోడు లేకుండా 3000 ఆర్‌పీఎం దగ్గర 15.75 కేవీ తెప్పించడానికి కావలసిన ఫీల్డ్ కరెంటు, పూర్తి లోడులో కావలసిన దానిలో సుమారు మూడో వంతు మాత్రమే. కాబట్టి అది రెట్టింపైనా పూర్తి లోడు విలువకు లోపలే ఉంటుంది. రోటరును కాపాడే లిమిటర్‌కి అది అతి మామూలు కరెంటు. రోటరు హాయిగా ఉంది, స్టేటర్‌లో చెప్పుకోదగ్గ కరెంటు లేదు, వోల్టేజీ సరిగ్గా ఉంది. ఇన్ని మీటర్లు సరిగ్గా ఉండగా ఒక్క ఉక్కు ముద్ద మాత్రం కాలుతోంది.

అదే ఏవీఆర్ మాన్యువల్‌లో ఉండి ఫీల్డ్ కరెంటు స్థిరంగా ఉంటే ఏమయ్యేది? వేగంతో పాటే వోల్టేజీ కూడా అదే నిష్పత్తిలో దిగేది, హెర్ట్జ్‌కి 315 వోల్టులు అలాగే ఉండేవి. ఫ్లక్స్ పెరగదు. అంటే ఫ్లక్స్‌కి అసలైన కొలత ఫీల్డ్ కరెంటే. ఇందులోంచి పాతకాలపు ఆపరేటర్లు పాటించే ఒక సూత్రం వచ్చింది: యంత్రం పూర్తి వేగానికి రాకముందు, ఏ వేగంలోనైనా సరే, ఫీల్డ్ కరెంటును లోడు లేనప్పటి పూర్తి వేగపు విలువకు మించనివ్వకూడదు. వోల్ట్‌మీటరు ఎంత చూపినా పట్టించుకోకూడదు.

ఈ సూత్రం స్టార్టప్‌లో బాగా అక్కరకొస్తుంది. టర్బైన్‌ని చల్లగా ఉన్నప్పుడు లేపితే ఒక్కసారిగా 3000కి తీసుకెళ్ళరు, మధ్యలో ఒకటి రెండు వేగాల దగ్గర ఆపి లోహాన్ని నెమ్మదిగా వేడెక్కనిస్తారు. అలాంటి ఆగుదల 1200 ఆర్‌పీఎం దగ్గర అనుకుందాం. అక్కడ ఫ్రీక్వెన్సీ 20 హెర్ట్జ్. ఏదైనా పరీక్ష కోసమో, పొరపాటునో ఆ వేగంలో మాన్యువల్‌లో ఫీల్డ్ ఇచ్చారంటే, నూరు శాతం ఫ్లక్స్‌కి వచ్చే వోల్టేజీ 20 ఇంటూ 315, అంటే 6,300 వోల్టులు. మీటరు 6.3 చూపిస్తుంది. చూసేవారికి అది చాలా తక్కువ అనిపిస్తుంది, చేయి సహజంగానే 'రెయిజ్' బటన్ మీదికి పోతుంది. 7.9 కేవీ దాకా పెంచితే మీటరు మీద ఇప్పటికీ సగం వోల్టేజీయే, కోర్‌లో మాత్రం 125 శాతం. ఇలా జరగకుండా ఉండడానికే వేగం 95 శాతమో దగ్గరదగ్గరగా అంతో దాటకుండా ఫీల్డ్ బ్రేకర్ మూసుకోనివ్వని ఇంటర్‌లాక్ పెడతారు. ఆ ఇంటర్‌లాక్‌ని టెస్టింగ్ కోసం బైపాస్ చేసి తర్వాత తీయడం మరిచిపోవడం, ఏ ప్లాంటులోనైనా భయపడాల్సిన సంగతి.

జీటీ ఎంతసేపు ఓర్చుకుంటుందనేదానికి కాగితం మీద హద్దులున్నాయి. ఐఈసీ ప్రమాణం ప్రకారం పూర్తి లోడుతో ఉన్నప్పుడు అయిదు శాతం ఎక్కువను ఎంతసేపైనా మోయాలి, లోడు లేకపోతే పది శాతం. జనరేటర్‌కి నేరుగా తగిలించే ట్రాన్స్‌ఫార్మర్ అయితే, లోడు హఠాత్తుగా తెగిపడినప్పుడు లేచే వోల్టేజీని దృష్టిలో పెట్టుకుని, 140 శాతాన్ని అయిదు సెకన్ల పాటు తట్టుకోవాలంటుంది. మన దేశంలో కొనుగోలు స్పెసిఫికేషన్లలో మామూలుగా కనిపించేవి ఇవి: 110 శాతం ఎప్పటికీ, 125 శాతం ఒక నిమిషం, 140 శాతం అయిదు సెకన్లు. మన ఊహా యూనిట్ కథను ఈ హద్దుల పక్కన పెట్టి చూడండి. నెమ్మదిగా దిగే యంత్రం 125, 140 శాతాల మధ్య అయిదు సెకన్లలో దాటిపోదు. నిమిషానికి పైగా అక్కడే గడుపుతుంది.

జనరేటర్‌కి కూడా ఇలాంటి హద్దు ఉంది, సాధారణంగా 105 శాతం. కొన్ని చోట్ల జీటీ కింది వైపు రేటెడ్ వోల్టేజీ జనరేటర్ వోల్టేజీకన్నా కాస్త తక్కువగా ఎంచుకుంటారు, అప్పుడు ఒకే వోల్టేజీ జనరేటర్‌కి 105 అయితే జీటీకి 110 అవుతుంది. సెట్టింగ్ పెట్టేవారు రెండు గీతలనూ ఒకే లెక్కలోకి మార్చి, కింద ఉన్నదాన్ని పట్టుకోవాలి.

కాపలా రెండంచెలుగా ఉంటుంది. మొదటిది ఏవీఆర్ లోపలే ఉండే వోల్ట్స్ పర్ హెర్ట్జ్ లిమిటర్. ఫ్రీక్వెన్సీ ఒక హద్దు కిందికి, ఉదాహరణకు 47.5 హెర్ట్జ్ కిందికి దిగితే, వోల్టేజీ లక్ష్యాన్ని 15.75 దగ్గర పట్టుకోకుండా ఫ్రీక్వెన్సీతో పాటు దించుతుంది. అది సరిగ్గా పనిచేస్తే మన కథలో ఫ్లక్స్ 105 శాతం దగ్గరే ఆగిపోయేది. ఫీల్డ్ బ్రేకర్ పట్టేసినా పెద్ద నష్టం ఉండేది కాదు.

రెండోది వేరేగా ఉండే ఓవర్‌ఫ్లక్సింగ్ రిలే. అంతర్జాతీయ వాడుకలో దీని నంబరు 24. పాత రిలేలు ఈ భాగహారాన్ని చేసే తీరు ముచ్చటగా ఉంటుంది. పీటీ నుంచి వచ్చే 110 వోల్టులను ఒక పెద్ద రెసిస్టర్, ఒక కెపాసిటర్ వరసగా ఉన్న సర్క్యూట్‌కి ఇస్తారు. కెపాసిటర్ మీద పడే వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ పెరుగుతుంది. దాన్ని కొలిస్తే చాలు, వోల్టును హెర్ట్జ్‌తో భాగించినట్టే. కొత్త న్యూమరికల్ రిలేలు లెక్క కట్టి చూస్తాయి. సాధారణంగా 105, 106 శాతం దగ్గర అలారం, 110 దాటి నిమిషం లోపల ట్రిప్, 118కి పైన రెండు మూడు సెకన్లలోనే ట్రిప్ అన్నట్టు పెడతారు. పరీక్షించేవారికి గుర్తుండే అంకె 2.2: 110ని 50తో భాగిస్తే వచ్చేది.

ఈ రిలే విషయంలో నేను గట్టిగా చెప్పదలచినవి రెండున్నాయి. మొదటిది, అది ఏ బ్రేకర్‌ని తెరుస్తుందన్నది. మిగతా రక్షణలన్నీ యార్డులోని బ్రేకర్‌ని తెరిచి ఊపిరి పీల్చుకుంటాయి. ఇక్కడ ఆ బ్రేకర్ ముందే తెరుచుకుని ఉంది, ఇంకోసారి తెరిచి లాభం లేదు. ఎక్సైటేషన్ ఆగాలి. ఫీల్డ్ బ్రేకర్ మొరాయిస్తే స్టాటిక్ ఎక్సైటేషన్‌లో థైరిస్టర్లకే ఆపమని ఆదేశం వెళ్ళే రెండో దారి కూడా ఉండాలి. యార్డు బ్రేకర్ తెరిచి ఉంటే ఈ రిలే పనిచేయకుండా అడ్డుకునే వైరింగ్ ఎక్కడైనా ఉంటే, సరిగ్గా అవసరమైన ఘడియలో అది నిద్రపోతుంది.

రెండోది పీటీ ఫ్యూజు. ఏవీఆర్‌కీ రిలేకీ ఒకే పీటీ నుంచి వోల్టేజీ ఇస్తే, ఆ ఫ్యూజు పోయినప్పుడు ఏవీఆర్ వోల్టేజీ పడిపోయిందనుకుని ఫీల్డ్ పెంచుతుంది, రిలే కూడా వోల్టేజీ తక్కువే ఉందనుకుని ఊరుకుంటుంది. ఒకే అబద్ధాన్ని ఇద్దరూ నమ్ముతారు. అందుకే వేర్వేరు పీటీలు, వేర్వేరు ఫ్యూజులు. ఇది పూర్తి వేగంలో కూడా జరగగల ప్రమాదమే, వేగం తగ్గినప్పుడైతే రెండూ కలిసొస్తాయి.

కొన్నిసార్లు మొదట కూసేది ట్రాన్స్‌ఫార్మర్ డిఫరెన్షియల్ రిలే. కోర్ నిండినప్పుడు జీటీ ఒకవైపు నుంచే పదునైన శిఖరాలున్న మాగ్నెటైజింగ్ కరెంటు లాగుతుంది, రెండో వైపు ఏమీ ఉండదు. లోపల ఫాల్ట్ జరిగినప్పుడు కూడా అలాగే కనిపిస్తుంది. ఈ కరెంటులో అయిదో హార్మోనిక్ బాగా ఉంటుంది కాబట్టి, దాన్ని గుర్తుపట్టి డిఫరెన్షియల్ రిలేని ఆపి ఉంచే ఏర్పాటు చేస్తారు. యార్డు దగ్గర నిలబడ్డవారికైతే చెవికే తెలుస్తుంది: జీటీ మామూలు రొద కటువుగా, గరగరమంటూ మారుతుంది.

అలాంటి ఘటన జరిగిందని అనుమానం వస్తే ముందుగా డిస్టర్బెన్స్ రికార్డర్ నుంచి వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ గీతలు తీసి, ఒక్కో సెకనుకూ భాగించి, హద్దుల పట్టికతో పోల్చాలి. 110 శాతంకన్నా పైన ఎన్ని సెకన్లు, 125కి పైన ఎన్ని సెకన్లు అని. ఆ తర్వాత నూనె నమూనా తీసి కరిగిన వాయువుల పరీక్షకు పంపాలి. లోహం వేడెక్కి నూనెను విరిచి ఉంటే మీథేన్, ఇథిలీన్ కనిపిస్తాయి. వేడి ఎంత ఎక్కువైతే ఇథిలీన్ వాటా అంత పెరుగుతుంది. కాగితం కాలినప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్ పెరగకుండా ఇవి మాత్రమే పెరిగితే, వేడి వైండింగ్‌లో కాకుండా ఇనుము దగ్గర పుట్టిందని ఊహించవచ్చు. బుకోల్జ్ రిలేలో గ్యాసు చేరిందేమో చూడాలి. ట్యాంకు ఫ్లాంజు బోల్టుల దగ్గర పెయింటు ఉబ్బిందేమో వెతకాలి. కోర్ ఇన్సులేషన్, నో లోడ్ కరెంటు కొలిచి, కమిషనింగ్ నాటి అంకెలతో పక్కపక్కన పెట్టాలి. నో లోడ్ కరెంటు పెరిగి ఉంటే రేకులు ఎక్కడో అతుక్కున్నాయని అనుమానం.

ఇవన్నీ శుభ్రంగా వచ్చినా జీటీని యార్డు వైపు నుంచి ఒక్క దెబ్బకు 220 కేవీకి కలిపేయనక్కర్లేదు. టర్బైన్‌ని 3000 ఆర్‌పీఎంకి తెచ్చి, ఏవీఆర్‌ని మాన్యువల్‌లో ఉంచి, సున్నా నుంచి మెట్టు మెట్టుగా వోల్టేజీ పెంచుకుంటూ పోవచ్చు. ప్రతి మెట్టు దగ్గర కాసేపు ఆగి ఫీల్డ్ కరెంటును పాత రికార్డుతో పోల్చి, రొద విని, బుకోల్జ్ చూసి, అప్పుడు తర్వాతి మెట్టుకు వెళ్ళవచ్చు. 15.75 దగ్గర కొన్ని గంటలు ఉంచి మళ్ళీ నూనె నమూనా తీయాలి. రెండో నమూనాలో ఇథిలీన్ ఇంకా ఎక్కుతూ ఉంటే సింక్రనైజ్ చేయకుండా ఫీల్డ్ తీసేసి, నూనె దించి, లోపలికి మనిషిని పంపాల్సిందే.